గోదాము నిండా సరుకు, స్టోర్లో ఖాళీ అరలు

2015 జనవరి 15న అమెరికాకు చెందిన టార్గెట్ కంపెనీ ఒక ప్రకటన చేసింది. కెనడాలో తాము నడుపుతున్న 133 స్టోర్లనూ మూసేస్తున్నామని, అక్కడి వ్యాపారానికి కోర్టు రక్షణ కోరామని దాని సారాంశం. ఆ స్టోర్లలో పనిచేస్తున్నవాళ్లు దాదాపు 17,600 మంది. మొదటి స్టోరు తలుపులు తెరిచి అప్పటికి రెండేళ్లు కూడా నిండలేదు. కెనడా నుంచి తప్పుకోవడానికి తమ లెక్కల్లో దాదాపు 540 కోట్ల డాలర్ల నష్టం చూపించాల్సి వస్తుందని కంపెనీ అదే రోజు చెప్పింది.

చిల్లర వ్యాపారం గురించి చెప్పే మేనేజ్‌మెంట్ తరగతుల్లో ఈ కథ ఇప్పుడు దాదాపు పాఠ్యాంశం అయిపోయింది. పరీక్షలో కేస్ స్టడీగానూ వస్తుంది. నాలుగు పేజీల వివరాలిచ్చి, సమస్య ఏమిటో గుర్తించండి, విశ్లేషించండి, సిఫార్సులు చేయండి అని అడుగుతారు. దీనికి చాలామంది రాసే జవాబు ముందే ఊహించవచ్చు. స్థానిక సంస్కృతిని అర్థం చేసుకోలేదు, మార్కెట్ పరిశోధన సరిగా చేయలేదు, ధరలు ఎక్కువ పెట్టారు, పోటీని తక్కువ అంచనా వేశారు అని రాసి, చివర ఈ నాలుగింటినీ తిరగేసి సిఫార్సులుగా పెడతారు. ఈ జవాబులో టార్గెట్ పేరు కొట్టేసి మరే కంపెనీ పేరు పెట్టినా సరిపోతుంది. మార్కులు రాకపోవడానికి కారణం అదే. మంచి జవాబు ఎలా ఉంటుందో ఈ ఒక్క కేసునే పట్టుకుని, మొదటి నుంచి చివరి దాకా చూద్దాం. జవాబు రాసే పద్ధతి తెలియడంతో పాటు, అంత పెద్ద కంపెనీ అంత త్వరగా ఎలా కూలిందో కూడా అర్థమవుతుంది.

ముందు జరిగిన కథ

కెనడాలో జెల్లర్స్ అనే పాత చౌక స్టోర్ల గొలుసు ఉండేది. అది హడ్సన్స్ బే కంపెనీ చేతుల్లో ఉండేది. 2011 జనవరిలో టార్గెట్, గరిష్ఠంగా 220 జెల్లర్స్ స్టోర్ల లీజులను 182.5 కోట్ల కెనడా డాలర్లకు తీసుకుంటున్నట్టు ప్రకటించింది. కొన్నది లీజులను మాత్రమే. నడుస్తున్న వ్యాపారాన్ని కాదు. సరుకు, ఉద్యోగులు, సరఫరా ఏర్పాట్లు వీటిలో ఏవీ ఈ బేరంలో లేవు. తర్వాత తనకు అక్కర్లేని కొన్ని లీజులను టార్గెట్ వాల్‌మార్ట్‌కు అప్పగించింది.

2013 మార్చిలో ఒంటారియో రాష్ట్రంలోని గ్వెల్ఫ్, ఫెర్గస్, మిల్టన్ పట్టణాల్లో మొదటి మూడు స్టోర్లు తెరుచుకున్నాయి. జనం పోటెత్తారు. ఆ ఏడాది ముగిసేసరికి స్టోర్ల సంఖ్య 124కు చేరింది. అంటే పది నెలల్లో, పశ్చిమాన బ్రిటిష్ కొలంబియా నుంచి తూర్పున అట్లాంటిక్ తీరం దాకా ఒక దేశం మొత్తం మీద, సున్నా నుంచి 124. వీటి కోసం మూడు కొత్త గోదాములు కట్టారు. ఆర్డర్లు, నిల్వలు, ధరలు చూసుకునే కంప్యూటర్ వ్యవస్థ కూడా కొత్తదే. అమెరికాలో టార్గెట్ ఏళ్ల తరబడి తనకు తానే తయారు చేసుకున్న సాఫ్ట్‌వేర్ వాడుతోంది. అది కెనడా డాలరుకు, ఫ్రెంచి భాషకు వెంటనే సర్దుకునేలా లేదు. అందుకని కెనడాకు మాత్రం శాప్ సాఫ్ట్‌వేర్ ఎంచుకున్నారు.

కొన్ని వారాల్లోనే ఫిర్యాదులు మొదలయ్యాయి. అరలు ఖాళీగా ఉన్నాయి, ధరలు సరిహద్దు అవతల అమెరికా టార్గెట్‌లో కన్నా ఎక్కువ ఉన్నాయి అని. 2014 మే నెలలో కంపెనీ అధినేత గ్రెగ్ స్టైన్‌హాఫెల్ పదవి వదిలారు. దానికి ముందు 2013 చివర్లో అమెరికాలో టార్గెట్ ఖాతాదారుల కార్డు వివరాల దొంగతనం కూడా జరిగింది కాబట్టి, ఆ రాజీనామాకు కెనడా ఒక్కటే కారణమని పరీక్షలో రాయకూడదు. కొత్తగా వచ్చిన బ్రయన్ కార్నెల్ లెక్కలు వేయించి చూసుకున్నారు. ఎంత గట్టిగా ప్రయత్నించినా 2021 కన్నా ముందు కెనడాలో లాభం కనబడదని తేలడంతో మూసివేత నిర్ణయం తీసుకున్నారు.

సమస్య: జ్వరాన్ని రోగమనుకోవద్దు

జవాబులో మొదటి భాగం చిన్నదిగా ఉండాలి. కానీ జవాబు నిలబడేదీ పడిపోయేదీ ఇక్కడే. 'టార్గెట్ కెనడాలో నష్టపోయింది' అనేది సమస్య కాదు, ఫలితం. 'అరలు ఖాళీగా ఉన్నాయి' అనేది లక్షణం. వైద్యుడు జ్వరాన్ని రాసుకుంటాడు గానీ జ్వరమే రోగమని చెప్పడు. సమస్యను రాసేటప్పుడు ఎవరి నిర్ణయం, ఏ తేదీ, ఏది తేలాలి అనే మూడూ కనబడాలి.

నష్టం ఎంతో ముందు ఒక్క వాక్యంలో చెప్పాలి. 2013లో టార్గెట్ కెనడా అమ్మకాలు దాదాపు 132 కోట్ల డాలర్లు, నిర్వహణ నష్టం దాదాపు 94 కోట్ల డాలర్లు. నూరు డాలర్ల సరుకు అమ్మితే 71 డాలర్లు పోయాయన్నమాట. అందులో కొత్త స్టోర్లు తెరిచే ప్రారంభ ఖర్చులు కూడా కలిసి ఉన్నాయని పక్కనే రాస్తే, అంకెను చూసి ఆవేశపడకుండా చదివినట్టు దిద్దేవారికి తెలుస్తుంది.

దీని పక్కన ఇంకో అంకె పెట్టాలి. అది నష్టం కన్నా ఎక్కువ చెబుతుంది. సరుకు కొన్న ఖర్చు పోగా మిగిలేదాన్ని స్థూల మార్జిన్ అంటారు. ఆ ఏడాది టార్గెట్‌కు అమెరికాలో నూటికి దాదాపు 30 డాలర్లు మిగిలితే, కెనడాలో 15 డాలర్లు కూడా మిగల్లేదు. ఇక్కడ ఆగి ఆలోచించాలి. ధరలు ఎక్కువని జనం గోల పెడుతున్నారు. ధరలు నిజంగా ఎక్కువైతే మార్జిన్ పెరగాలి కదా? సగానికి ఎందుకు పడింది? ఎందుకంటే పేరుకుపోయిన సరుకును భారీ తగ్గింపులిచ్చి వదిలించుకుంటున్నారు. ఒకవైపు అరలు ఖాళీ, మరోవైపు సరుకు పేరుకుపోవడం. ఈ రెండూ ఒకే స్టోర్ల గొలుసులో ఒకే ఏడాది జరిగాయి. సరుకు తక్కువైందని గానీ ఎక్కువైందని గానీ ఒక్క మాటలో చెప్పలేం. కావలసింది లేదు, అక్కర్లేనిది ఉంది.

ఇప్పుడు సమస్యను ఇలా రాయవచ్చు: 'ఏ సరుకు ఎంత ఉందో, ఎక్కడ ఉందో, ఎంత కావాలో కంపెనీకే తెలియని స్థితిలో 124 స్టోర్లు తెరిచారు. ఆ స్థితి రావడానికి కారణం వేళాపట్టికను ముందే బిగించి, మిగతా పనులన్నీ దానికి లోబడేలా చేసిన 2011 నాటి నిర్ణయం. 2013 మొదట్లో యాజమాన్యం ముందున్న ప్రశ్న: స్టోర్లు అనుకున్న వేగంతో తెరవాలా, ఆపాలా?' ఇలా రాసిన జవాబులో తర్వాతి రెండు భాగాలకు దారి అప్పటికే పడి ఉంటుంది.

విశ్లేషణ: ఒక అట్టపెట్టె లెక్క

విశ్లేషణలో చాలామంది స్వాట్, పెస్టెల్ వంటి పట్టికలు గీసి గళ్లన్నీ నింపుతారు. ఈ కేసుకు అవి పెద్దగా ఉపయోగపడవు. విదేశీ విస్తరణ అనగానే మనసు సంస్కృతి, భాష, చట్టాల వైపు పోతుంది. కానీ కెనడా వాళ్లకు టార్గెట్ కొత్త కాదు. సరిహద్దు దాటి వెళ్లి అక్కడ కొనుక్కొచ్చినవాళ్లు లక్షల్లో ఉన్నారు. మొదటి రోజుల్లో జనం ఎగబడ్డారంటేనే కోరిక ఉందని అర్థం. ఖాతాదారుడు వచ్చాడు, అరలో వస్తువు లేదు, వెళ్లిపోయాడు. సరుకు ఎందుకు లేదో చెప్పగలిగితే విశ్లేషణ పూర్తయినట్టే.

కెనడియన్ బిజినెస్ పత్రికలో జో కాస్టాల్డో 2016లో రాసిన పరిశోధన కథనం ఈ ప్రశ్నకు లోపలివాళ్ల మాటల్లోనే జవాబు చెప్పింది. దాని ప్రకారం కొత్త వ్యవస్థలోకి దాదాపు 75 వేల వస్తువుల వివరాలు చేతితో ఎక్కించాల్సి వచ్చింది. ఒక్కో వస్తువుకు పొడవు, వెడల్పు, ఎత్తు, బరువు, పెట్టెలో ఎన్ని ఉంటాయి, బార్‌కోడ్, ధర, తయారీదారు ఎవరు వంటి డజన్ల కొద్దీ గళ్లు. ఆ పని చేసినవాళ్లలో చాలామంది అనుభవం లేని కుర్ర ఉద్యోగులు. గడువు తరుముతోంది. సెంటీమీటర్లు రాయాల్సిన చోట అంగుళాలు, పొడవు గడిలో వెడల్పు, ఒక కరెన్సీకి బదులు మరో కరెన్సీ పడ్డాయి. తర్వాత తనిఖీ చేస్తే కెనడా వివరాల్లో సరైనవి దాదాపు 30 శాతమేనని తేలిందని, అమెరికాలో అవి 98, 99 శాతం సరిగా ఉండేవని ఆ కథనం చెప్పింది.

ఒక గడి తప్పు పడితే ఏమవుతుందో అంకెలతో చూపించగలిగితే జవాబుకు బలం వస్తుంది. ఇవి కేసులో ఇచ్చిన అంకెలు కావు, మనం ఊహించుకున్నవి అని రాసి ముందుకెళ్లాలి. ఒక అర వెడల్పు 48 అంగుళాలు, అంటే దాదాపు 122 సెంటీమీటర్లు అనుకుందాం. ఒక షాంపూ సీసాల పెట్టె వెడల్పు 10 సెంటీమీటర్లు. వరసకు 12 పెట్టెలు పడతాయి. ఇప్పుడు ఎవరో ఆ 10ని అంగుళాల గడిలో రాశారు. కంప్యూటరు 48ని 10తో భాగించి, నాలుగే పడతాయని నిర్ణయిస్తుంది. నాలుగు పట్టేంత చోటుకు తగ్గట్టే ఆర్డరు పెడుతుంది. నిజంగా అక్కడ పన్నెండు పెట్టెలకు చోటుంది కాబట్టి మూడింట రెండు వంతులు బోసిగా మిగులుతుంది. ఖాతాదారుడికి కనబడే ఖాళీ అర ఇదే.

ఇంకో తప్పు దీనికి ఎదురుగా పనిచేస్తుంది. పెట్టెలో 24 సీసాలుంటే, వ్యవస్థలో 12 అని పడిందనుకుందాం. స్టోర్లకు 240 సీసాలు కావాలి. కంప్యూటరు 20 పెట్టెలు ఆర్డరు చేస్తుంది. వచ్చేవి 480 సీసాలు. సగం అరల్లోకి పోతాయి, సగం గోదాములో ఉండిపోతాయి. వేల వస్తువుల్లో ఇలా జరిగితే గోదాము కిక్కిరిసి పోతుంది. కిక్కిరిసిన గోదాములో కొత్తగా వచ్చిన లారీకి సరుకు దించే చోటుండదు. ఆ లారీలో ఉన్నది స్టోర్లలో నిజంగా అయిపోయిన వస్తువే కావచ్చు. రికార్డు ఒకలాగా, పెట్టె ఇంకోలాగా ఉంటే గోదాము సిబ్బంది ఆపి సరిచూసుకోవాలి. అందువల్ల పని ఇంకా నెమ్మదిస్తుంది. గోదాము నిండి ఉండటం, అర ఖాళీగా ఉండటం ఒకదానికొకటి విరుద్ధంగా కనబడినా, రెండూ ఒకే తప్పు గడిలోంచి పుట్టాయి. ఈ ఒక్క సంగతిని తేటగా చెప్పగలిగితే చాలు, చదివేవారికి మొత్తం కేసు విచ్చుకుంటుంది.

దీనికి తోడు అంచనాల బాధ. ఏ వస్తువు ఏ వారం ఎంత అమ్ముడవుతుందో చెప్పే సాఫ్ట్‌వేర్ గత అమ్మకాల మీద ఆధారపడుతుంది. కొత్త దేశంలో గతం లేదు. కాబట్టి ఉద్యోగుల అంచనాలనే ఎక్కించారు. అవి ఆశావహంగా ఉన్నాయి. సరుకు మాత్రం ఆ ఆశలకు తగ్గట్టే వచ్చిపడింది.

ఇక్కడ మామూలు జవాబుల్లో ఎవరూ తాకని ఒక అంశం ఉంది. వస్తువు అయిపోతే దాన్ని తెప్పించాల్సిన ఉద్యోగుల పనితీరును, వారి వస్తువుల్లో ఎన్ని అందుబాటులో ఉన్నాయన్న శాతంతో కొలిచేవారు. వ్యవస్థలో స్వయంచాలక భర్తీ అనే మీట ఒకటి ఉంది. దాన్ని ఆపేస్తే ఆ వస్తువు లెక్కలోంచే తప్పుకుంటుంది, ఖాళీగా ఉన్నట్టు నమోదు కాదు. కొంతమంది ఆ మీట ఆపేశారని కాస్టాల్డో కథనం చెప్పింది. కాగితం మీద శాతం బాగుంది, స్టోర్లో అర బోసిగా ఉంది. ప్రధాన కార్యాలయానికి అసలు స్థితి తెలియడానికి ఇంత కాలం ఎందుకు పట్టిందో దీన్నిబట్టి కొంత తెలుస్తుంది. ఏ కంపెనీలోనైనా నివేదికలో అంకె బాగుండి, స్టోరుకు వెళ్లినవాళ్లు వేరేలా చెబుతుంటే, ముందు ఆ అంకెను ఎలా లెక్కిస్తున్నారో అడగాలి.

ఇంతవరకూ రాసినదంతా ఒక్క ప్రశ్న దగ్గరికి తెస్తుంది. ఇంత హడావిడి ఎందుకు? లీజులు తీసుకున్న రోజు నుంచి గడియారం తిరగడం మొదలైంది. తాళం వేసిన స్టోరుకు కూడా అద్దె కట్టాలి. లాభాలు త్వరగా వస్తాయని వాటాదారులకు చెప్పేశారు. అందువల్ల తెరవాల్సిన తేదీ ముందు స్థిరపడింది. వ్యవస్థ సిద్ధమైందా, సమాచారం సరిగా ఉందా అనే ప్రశ్నలు ఆ తేదీకి లోబడిపోయాయి. మొదటి స్టోర్లు తెరిచే ముందు పెద్ద ఉద్యోగులు కూర్చున్న సమావేశంలో, వాయిదా వేద్దామా అన్న ప్రశ్న వచ్చినప్పుడు లోలోపల అనుమానాలున్నవాళ్లు కూడా గట్టిగా నోరు విప్పలేదని అదే కథనం రాసింది. ఇది వ్యక్తుల పిరికితనం గురించిన కథగా రాయకూడదు. ఆపమని చెప్పడానికి ఏ అంకె చూపించాలో, ఏ హద్దు దాటితే ఆపాలో ముందే రాసి పెట్టుకోలేదు. అలాంటప్పుడు ఎవరైనా తన అనుమానాన్ని దేని ఆధారంగా చెబుతారు?

విశ్లేషణలో పోలిక ఒక్కటి ఉంటే చాలు, అది సరైనదై ఉండాలి. 1994లో వాల్‌మార్ట్ కూడా ఇదే కెనడాలో ఒక్క దెబ్బకు 122 స్టోర్లతో అడుగుపెట్టింది, నిలదొక్కుకుంది. 'ఒకేసారి ఎక్కువ స్టోర్లు తెరవడమే తప్పు' అనే జవాబును ఈ ఒక్క వాస్తవం కూల్చేస్తుంది. తేడా ఏమిటంటే వాల్‌మార్ట్ కొన్నది వూల్కో అనే నడుస్తున్న స్టోర్ల గొలుసును, ఉద్యోగులతో సహా. టార్గెట్ కొన్నది గోడల లీజులను. మొదటిదాంట్లో సరుకు ఎలా వస్తుందో తెలిసిన మనుషులున్నారు, తెరిచి ఉన్న తలుపులున్నాయి. రెండోదాంట్లో ఆ రెండూ లేవు. కాబట్టి స్టోర్ల సంఖ్య ఒక్కటే చూస్తే తప్పు ఎక్కడుందో దొరకదు. ఏమీ లేని చోట నుంచి అంత సంఖ్యకు ఎగబాకడంలో ఉంది.

ధరల సంగతిని వదిలేయకూడదు గానీ దాని స్థానంలో దాన్ని ఉంచాలి. కెనడాలో రవాణా, జీతాలు, పన్నులు, సరఫరాదారుల ధరలు అమెరికా కన్నా వేరు. అక్కడ ఏ కంపెనీ అయినా అమెరికా ధరకే అమ్మడం కష్టం. పైగా వాల్‌మార్ట్, లోబ్లా, కెనడియన్ టైర్ వంటివాళ్లు అప్పటికే గట్టిగా ఉన్నారు. సరిహద్దు అవతలి ధర తెలిసిన ఖాతాదారుడు అసంతృప్తి పడ్డాడు. ఇది నిజమే. కానీ స్టోర్లో సరుకు ఉండి ధర కొంచెం ఎక్కువైతే అమ్మకాలు తగ్గుతాయి, అంతే. అరే ఖాళీగా ఉంటే ధర ఎంతైనా ఒకటే.

సిఫార్సులు: ఎవరికి, ఏ రోజున?

సిఫార్సుల భాగంలో ఎక్కువమంది చేసే తప్పు, జరిగిపోయినదంతా తెలిసిన కళ్లతో సలహా ఇవ్వడం. 'ఇంకా బాగా సిద్ధమై వెళ్లాల్సింది' అనేది సిఫార్సు కాదు, నిట్టూర్పు. ప్రతి సిఫార్సుకూ ఎవరు చేయాలో, ఎప్పుడు చేయాలో, దానికయ్యే ఖర్చేమిటో ఉండాలి. ఈ కేసులో నిర్ణయం తీసుకోదగిన రోజులు మూడున్నాయి. ఒక్కో రోజుకు ఒక్కో సిఫార్సు రాస్తే సరిపోతుంది.

మొదటిది 2013 ఆరంభం, స్టోర్లు తెరవకముందు. సిఫార్సు: ఒక గోదాము పరిధిలోని ఒంటారియో స్టోర్లను మాత్రమే, ఒక పాతికదాకా, తెరవండి. ఒక పండుగ సీజను గడిచేదాకా మిగతావి తెరవకండి. మళ్లీ తెరవడానికి షరతు ముందే రాసి పెట్టుకోండి. ఉదాహరణకు గోదాములో యాదృచ్ఛికంగా తీసిన పెట్టెలను కొలిచి చూస్తే నూటికి 95 రికార్డుతో సరిపోవాలి. ఆ కొలతను వ్యాపార విభాగం కాకుండా, దానితో సంబంధం లేని ఆడిట్ బృందం చేయాలి. ఈ 95 అనే హద్దు పరీక్షరాసే వ్యక్తి సొంతంగా పెట్టుకున్నది. అమెరికా స్టోర్ల 98 శాతాన్ని చూసి, దానికన్నా కొంచెం తక్కువగా ఎందుకు పెట్టారో ఒక్క వాక్యం రాస్తే అది ఊహగా కాక వాదనగా నిలబడుతుంది.

దీనికయ్యే ఖర్చు తాళం వేసి ఉన్న వంద స్టోర్ల అద్దె. ఇక్కడే ఒక పాత ఆర్థికశాస్త్ర సూత్రం పనికొస్తుంది. లీజుల కోసం ముందే కట్టేసిన 182.5 కోట్లు తిరిగి రావు. స్టోరు తెరిచినా, తెరవకపోయినా అవి పోయినట్టే. వాటిని పక్కన పెట్టి, ఇకముందు కట్టాల్సిన అద్దెను మాత్రమే తెరిస్తే వచ్చే నష్టంతో పోల్చాలి. 2013లో 94 కోట్ల నష్టాన్ని 124 స్టోర్లకు పంచితే సగటున ఒక్కోదానికి దాదాపు 76 లక్షల డాలర్లు. అందులో ప్రారంభ ఖర్చులున్నాయి, అన్ని స్టోర్లూ ఏడాది పొడవునా నడవలేదు కాబట్టి ఇది మోటు లెక్కే. అయినా మూసి ఉన్న స్టోరు అద్దె దీనికన్నా తక్కువ ఉంటే, తెరవకుండా ఆగడమే చవక. కేసులో అద్దె అంకె ఇవ్వకపోతే 'అద్దె ఇంతకన్నా తక్కువైతే' అని షరతుతో రాయాలి. లేని అంకెను కల్పించకూడదు. ఆగడం వల్ల ఇంకో మేలు కూడా ఉంది. ఖాతాదారుడి మొదటి సందర్శన ఒక్కసారే వస్తుంది. తెరవని స్టోరు ఎవరినీ నిరాశపరచలేదు.

రెండోది 2013 శరదృతువు. అప్పటికి తప్పు బయటపడింది, స్టోర్లు తెరుస్తూనే ఉన్నారు. సిఫార్సు: మిగిలిన స్టోర్లు తెరవడం ఆపండి. ఆ మనుషులను వివరాల శుద్ధికి మళ్లించండి. 75 వేల వస్తువులనూ ఒకేసారి సరిదిద్దాలనుకోవద్దు. పాలు, డైపర్లు, సబ్బులు, మందుల వంటి, ఖాతాదారుడు వారం వారం వచ్చి కొనే వస్తువులను ముందు పూర్తి చేయండి. జనాన్ని మళ్లీ మళ్లీ రప్పించేవి అవే. స్వయంచాలక భర్తీ మీటను ఆపే అధికారం వస్తువు చూసే ఉద్యోగి దగ్గర నుంచి తీసేయండి. నిజంగా అక్కర్లేని వస్తువుకు దాన్ని ఆపాల్సివస్తే పై అధికారి సంతకం ఉండాలి, ఆపిన వస్తువుల జాబితా వారం వారం బయటికి రావాలి. దీని వల్ల కొన్నాళ్లు నివేదికలో శాతాలు పడిపోయి భయంకరంగా కనబడతాయి. ఆ పడిపోవడమే సరైన సంకేతమని బోర్డుకు ముందే చెప్పి ఉంచాలి.

మూడోది 2015 జనవరి, కార్నెల్ ముందున్న నిర్ణయం. ఇక్కడ మంచి విద్యార్థి కూడా తడబడతాడు. తప్పులు అప్పటికి చాలావరకు సరిచేశారు, అరలు నిండుతున్నాయి. ఇంకొంచెం ఓపిక పట్టమని సిఫార్సు చేయాలనిపిస్తుంది. కానీ విరిగిన అలవాటు మళ్లీ కుదరాలంటే డబ్బు, కాలం రెండూ కావాలి. కంపెనీ లెక్క ప్రకారం లాభానికి ఇంకా ఆరేళ్లు. ఆ డబ్బు అమెరికా స్టోర్లలో పెడితే వచ్చేది దానికన్నా ఎక్కువ. కాబట్టి వైదొలగమనే సిఫార్సే సమర్థనీయం. అది రాసినవారు సగం జాగాను ఎలా వైదొలగాలనే దానికి కేటాయించాలి. టార్గెట్ కెనడా ఉద్యోగుల కోసం 7 కోట్ల కెనడా డాలర్లతో ఒక నిధి పెట్టింది. దానితో చాలామందికి కనీసం 16 వారాల వేతనం అందేలా ఏర్పాటు చేసింది. సరఫరాదారులు మాత్రం అప్పులిచ్చినవాళ్ల వరసలో నిలబడాల్సి వచ్చింది. చిన్న సరఫరాదారులకు ముందుగా చెల్లించే ఏర్పాటు ఉండాలని రాస్తే, దానికయ్యే ఖర్చూ న్యాయపరమైన అడ్డంకీ రాయాలి. కోర్టు రక్షణలో ఉన్నప్పుడు ఒక అప్పుదారుణ్ణి ముందు తీర్చి మరొకరిని ఆపడం కంపెనీ ఇష్టం మీద జరగదు.

ఈ జవాబు ఎంతవరకు నిలుస్తుంది?

చివరి పేరాలో సారాంశం మళ్లీ రాయడం వృథా. దానికి బదులు తన జవాబు ఏ పరిస్థితిలో తప్పవుతుందో చెప్పాలి. ఇదే జవాబును 1997లో జర్మనీకి వెళ్లి 2006లో అక్కడి స్టోర్లను మెట్రో సంస్థకు అప్పగించి వెనక్కొచ్చిన వాల్‌మార్ట్ కేసుకు రాస్తే తప్పవుతుంది. అక్కడ వాల్‌మార్ట్ కొన్నది నడుస్తున్న స్టోర్లనే. ఆల్డి, లిడ్ల్ వంటి చౌక దుకాణాల పోటీ, కొన్న రెండు గొలుసులు ఒకదానితో ఒకటి అతకకపోవడం, పని పద్ధతుల్లో తేడాలు అక్కడ పెద్దవి. సంస్కృతి గురించి రాయాల్సినది ఆ కేసులో. కెనడాలో అది చిన్న అంశం.

టార్గెట్ జవాబుకు కూడా ఒక హద్దు ఉంది. దాని మొత్తం బరువు, సమాచారం తప్పు వల్లే అరలు ఖాళీ అయ్యాయన్న ఒక్క వాదన మీద ఉంది. సరఫరాదారులు సమయానికి సరుకు పంపలేదని, లేదా సరుకు స్టోరు వెనక గదిలో ఉండి కూడా అరకు రాలేదని ఆధారం దొరికితే, రెండో సిఫార్సు మారిపోవాలి. ఇది తేల్చుకోవడానికి ఒక చిన్న పరీక్ష చాలు. ఖాళీగా ఉన్న అరల్లో వంద వస్తువులను ఎంచుకుని, ఒక్కోటి ఎక్కడ ఆగిందో వెనక్కి వెతకాలి. తయారీదారు దగ్గరా, గోదాములోనా, స్టోరు వెనక గదిలోనా, అసలు ఆర్డరే పడలేదా? సగానికి పైగా గోదాములోనో, ఆర్డరే పడని చోటనో తేలితే పైన రాసిన విశ్లేషణ నిలుస్తుంది. లేకపోతే మళ్లీ రాయాలి. ఆ వంద వస్తువుల పరీక్షను జవాబు చివర ప్రతిపాదించిన విద్యార్థికి, మిగతా నాలుగు పేజీల్లో ఎక్కడైనా చిన్న పొరపాటు దొర్లినా మార్కు తగ్గించడానికి దిద్దేవారు వెనకాడతారు. కంపెనీ బోర్డు అయితే ఆ పరీక్షను 2013 ఏప్రిల్‌లోనే, ఇంకా వంద స్టోర్లకు పైగా తెరవాల్సి ఉండగానే, చేయించి ఉండవచ్చు.